అడ్వాన్స్, బ్రోకర్ కమీషన్, సామాను ఖర్చు: ఫ్లాట్‌మేట్స్ మధ్య ఎలా పంచుకోవాలి?

"ముగ్గురం కలిసి కొండాపూర్‌లో ఫ్లాట్ తీసుకుంటున్నాం. ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారో తెలీదు. అడ్వాన్స్, బ్రోకర్ డబ్బులు, ఫ్రిజ్ లాంటివి ఎలా పంచుకోవాలి?"

ఈ మూడింటినీ ఒకే లెక్కలో కలపకండి. అడ్వాన్స్ తిరిగొచ్చే డబ్బు, కమీషన్ పోయిన డబ్బు, సామాను రోజురోజుకీ విలువ తగ్గే డబ్బు.

మేము దెబ్బ తిన్నది అడ్వాన్స్ దగ్గర. మా అద్దె 33,000. రెండు నెలల అడ్వాన్స్ 66,000, అంటే తలా 22,000 పెట్టాం. ఎనిమిది నెలలకే ఒకతను వేరే ఊరు వెళ్లాడు. అతని గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు అతనికి 22,000 పూర్తిగా ఇచ్చేశాడు. అందరికీ సరిగ్గానే అనిపించింది. చివర్లో మేము ఖాళీ చేసినప్పుడు ఓనర్ పెయింటింగ్‌కి 18,000 పట్టుకున్నాడు. తలా 6,000 పోయింది. మొదటి ఎనిమిది నెలలు గోడలు వాడినవాడి వాటా కూడా ఆ కుర్రాడి మీదే పడింది. అతని ముఖం చూసి నాకు చాలా బాధేసింది.

అందుకే పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో ముందే అడిగి అగ్రిమెంట్‌లో రాయించండి. 18,000 అనుకుంటే ఒక్కొక్కరికి 6,000. రెండేళ్లు ఉంటామనే అంచనాతో నెలకు 250 చొప్పున లెక్కేయండి. ఎనిమిది నెలలకు వెళ్లేవాడి వాటా 2,000. కాబట్టి కొత్తగా వచ్చేవాడు 22,000 బదులు 20,000 ఇస్తే చాలు. రెండేళ్ల కంటే ముందే అందరూ ఖాళీ చేస్తే తేడా మళ్లీ సర్దుకోవాలి, అది కూడా మాట అనుకోండి. మనిషి మారినప్పుడు ఓనర్‌కి వాట్సాప్‌లో "ఈయన వాటా ఇకపై ఈయనది" అని పెట్టి, ఆయనతో సరే అనిపించుకోండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపుల ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి.

కమీషన్ సులువు. మేము పదిహేను రోజుల అద్దె, 16,500 ఇచ్చాం. తలా 5,500. పదకొండు నెలల అగ్రిమెంట్ కాబట్టి నెలకు 500 ఖర్చయినట్టు. ఎనిమిది నెలలకు వెళ్లేవాడికి మిగిలింది 1,500, అది కొత్తవాడు ఇవ్వాలి. పదకొండు నెలలు దాటితే ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

సామాను మాత్రం ఉమ్మడిగా కొనకండి అనే చెబుతాను. ఫ్రిజ్ ఒకరిది, వాషింగ్ మెషీన్ ఇంకొకరిది, స్టవ్, సిలిండర్ మూడోవాళ్లవి. ధరలు సమానంగా రాకపోతే తక్కువ పెట్టినవాళ్లు మిక్సీ, కర్టెన్లు కొంటారు. వెళ్లేటప్పుడు ఎవరి వస్తువు వాళ్లు తీసుకెళ్తారు, లేదా ముందు ఇంట్లోవాళ్లనే కొంటారా అని అడుగుతారు. పాత ఫ్రిజ్‌కి వాటా కట్టే గొడవే ఉండదు.

ఇంకొకటి: వెళ్లేవాళ్లు నెల ముందు చెప్పాలి. కొత్తవాళ్లు దొరక్కపోతే ఆ నెల అద్దె వెళ్లేవాళ్లదే, అడ్వాన్స్ కొత్తవాళ్లు వచ్చాకే. మిగిలిన ఇద్దరు జేబులోంచి తీసి ఇవ్వక్కర్లేదు.