పై అంతస్తు షవర్‌లో నీళ్లు సన్నగా వస్తుంటే

"మారతహళ్లిలో మాది పై అంతస్తు. ట్యాంకు నెత్తిమీదే ఉన్నా షవర్ కారినట్టే వస్తోంది. కింది ఇళ్లలో బాగానే ఉంది. పంపు పెట్టించాలా?"

తొందరపడకండి. ముందు షవర్ తల విప్పి, పైపు కింద బకెట్ పెట్టి చూడండి. ధార బాగా పడితే తప్పు షవర్‌దే. మా ఇంట్లో బోరు నీళ్ల ఉప్పు రంధ్రాల్లో తెల్లగా గట్టిపడింది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోయింది.

ధారే సన్నగా ఉంటే ట్యాంకు దగ్గర వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. అదీ కాకపోతే ఎత్తు చాలట్లేదు. నీటిమట్టం షవర్ కంటే 2 మీటర్లు పైనుంటే వచ్చేది 0.2 బార్ ఒత్తిడే. కింది ఇంటికి ఇంకో అంతస్తు ఎత్తు కలిసొస్తుంది, అందుకే వాళ్లకు హాయి.

ట్యాంకును మీటరు లేపినా పెరిగేది 0.1 బారే. పైగా 1000 లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. అందుకే అప్పుడు మాత్రం చిన్న ప్రెషర్ బూస్టర్ పంపే నయం. మీ గీజర్ ఆ ఒత్తిడి తట్టుకునేదో కాదో దాని లేబుల్ మీద చూసుకోండి.