థలసీమియా ఒకరికి, సికిల్ ఒకరికి: పిల్లల సంగతి?

"నాకు బీటా థలసీమియా ట్రెయిట్, పెళ్లి కుదిరిన అబ్బాయికి సికిల్ ట్రెయిట్. రెండూ వేరే జబ్బులు కదా, పర్వాలేదా?" (మారతహళ్లి, బెంగళూరు)

పర్వాలేదనుకోవద్దు చెల్లీ. ట్రెయిట్ అంటే జంట జీన్లలో ఒకదాంట్లోనే లోపం, మీకు జబ్బు కాదు. పేర్లే వేరు, రెండు లోపాలూ ఉండేది ఒకే బీటా గ్లోబిన్ జీన్‌లో. ఇక్కడ మా కౌన్సెలర్ రిపోర్టు వెనకాలే నాలుగు గళ్లు గీసి చూపించారు: ఒక గడిలో రెండూ మంచి జీన్లు, ఒకదాంట్లో నీలాగా ట్రెయిట్, ఒకదాంట్లో అతనిలాగా, నాలుగోదాంట్లో మీ ఇద్దరి లోపమూ కలిసి సికిల్ బీటా థలసీమియా, అంటే జబ్బే. ఇది ప్రతి గర్భానికీ 25 శాతం; మొదటి బిడ్డ బాగుంటే రెండో బిడ్డకు తగ్గదు, నలుగురిలో ఒకరికే వస్తుందనీ కాదు (మా అమ్మకు ఇది ఎక్కించడానికి వారం పట్టింది).

జబ్బు ఎంత గట్టిగా ఉంటుందన్నది చాలావరకు నీ మ్యుటేషన్‌ని బట్టి. బీటా జీరో, అంటే ఆ జీన్ బీటా గ్లోబిన్ అసలు తయారుచేయనిదైతే, దాదాపు సికిల్ జబ్బులాగే నొప్పులు, ఇన్ఫెక్షన్లు. బీటా ప్లస్, అంటే కొంతైనా తయారుచేసేదైతే, తరచుగా కాస్త తక్కువ. హిమోగ్లోబిన్ రకాలు చూపే హెచ్‌పీఎల్‌సీ రక్త పరీక్ష రిపోర్టు ఇది తేల్చదు, అందుకే ఇద్దరూ ఇప్పుడే డీఎన్ఏ టెస్టు చేయించుకోండి. అది చేతిలో ఉంటేనే గర్భం 11-13 వారాల్లో మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు ఏది వచ్చిందో చూడగలరు. గర్భం వచ్చాక మొదలుపెడితే రోజులు చాలక పరుగులే.