రిస్క్ నిజంగా జరిగిపోయాక ఆ వరుసను ఏం చేయాలి?

ప్రశ్న: "ఇష్యూ లాగ్, రిస్క్ రిజిస్టర్, డెసిషన్ లాగ్ అని మూడు షీట్లు పెట్టమన్నారు. ఒకే విషయాన్ని మూడింట్లోనూ రాయాల్సి వస్తోంది. అసలు ఏది ఎందులో రాయాలి?"

జవాబు:

ఒకే విషయం మూడింట్లోనూ కనిపించడం తప్పు కాదండీ. కాకపోతే మూడు చోట్లా ఒకే మాట ఉండకూడదు. ఇంకా జరగలేదు, జరగొచ్చు అంటే రిస్క్. ఇప్పటికే జరిగి పనికి అడ్డుపడుతుంటే ఇష్యూ. రెండు మూడు దారుల్లో ఒకటి ఎంచుకుని ఖరారు చేస్తే డెసిషన్. ఈ నిర్వచనాలు నాకు ముందే తెలుసు. అయినా ఒక డేటా మైగ్రేషన్‌లో దెబ్బతిన్నాక గానీ వాటి అవసరం అర్థం కాలేదు.

పాత బిల్లింగ్ సిస్టమ్‌లోని కస్టమర్ రికార్డులను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని అది. మొదట్లోనే రిస్క్ రిజిస్టర్‌లో R-14 కింద ఇలా రాశాం: "పాత సిస్టమ్ ఒకే కస్టమర్‌ను రెండుసార్లు నమోదు చేయనిస్తుంది కాబట్టి డూప్లికేట్లు ఎక్కువ ఉండొచ్చు. ఉంటే లోడ్ ఫెయిలై ట్రయల్ రన్ వెనక్కి జరుగుతుంది." కారణం, జరగగలిగేది, దాని ఫలితం మూడూ ఆ వాక్యంలో ఉన్నాయి. అవకాశం మీడియం, ప్రభావం హై అని పెట్టి, చూసుకునే మనిషి పేరు కూడా రాశాం. అక్కడిదాకా బాగానే ఉంది.

మొదటి ట్రయల్ లోడ్‌లో 40,000 రికార్డులకు సుమారు 3,000 డూప్లికేట్లని రిజెక్ట్ అయ్యాయి. నేను R-14 తెరిచి, అవకాశం దగ్గర మీడియం తీసి హై అని పెట్టి వదిలేశాను. పొరపాటు అక్కడే జరిగింది. ఇష్యూ లాగ్‌ను రోజూ పొద్దున్నే చూసేవాళ్లం, రిస్క్ రిజిస్టర్‌ను రెండు వారాలకోసారి. దాంతో ఆ 3,000 రికార్డుల జోలికి పదకొండు రోజులు ఎవరూ పోలేదు. రెండో ట్రయల్‌కు మూడు రోజుల ముందు అవి బయటపడేసరికి టీమ్ అంతా టెన్షన్‌లో పడింది. జరిగిపోయినదానికి అవకాశం ఎంత అని లెక్కకట్టడంలో అర్థం లేదు. దానికి కావాల్సింది ఎవరు, ఎప్పటిలోగా సరిచేస్తారన్నది.

చేయాల్సింది ఇది. R-14ను "జరిగింది, I-31 చూడండి" అని మూసేయాలి. ఇష్యూ లాగ్‌లో I-31 కొత్తగా తెరవాలి: ఏం జరిగింది, ఎన్ని రికార్డులు, ఏ పని ఆగింది, ఎవరి బాధ్యత, గడువు ఎప్పుడు. మూడూ ఒకే షీట్‌లో "రకం" అనే కాలమ్‌తో నడిపినా సరే, పాత వరుసలో రకం మార్చకండి, కొత్త వరుస పెట్టండి. ముందే ఊహించామా లేదా అన్నది తర్వాత చూసుకోవాలంటే పాత వరుస అలాగే ఉండాలి.

I-31 దగ్గర మాకు రెండు దారులు కనిపించాయి. డూప్లికేట్లను కలిపేసి చివరిసారి అప్‌డేట్ అయిన రికార్డును ఉంచుకోవడం ఒకటి. అన్నింటినీ ఉన్నవున్నట్టు ఎక్కించి తర్వాత శుభ్రం చేసుకోవడం రెండోది. కాల్‌లో మాట్లాడుకుని మొదటిదే ఎంచుకున్నాం. ఇష్యూ లాగ్‌లో "పరిష్కారమైంది" అని రాసి మూసేశాం. డెసిషన్ లాగ్‌లో ఏమీ రాయలేదు. మూడు నెలల తర్వాత ఫైనాన్స్‌కు కొత్తగా వచ్చినాయన "కొందరి పాత చిరునామాలు ఎందుకు లేవు, ఎవరు తీసేయమన్నారు?" అని అడిగితే మా దగ్గర చూపించడానికి ఒక్క వాక్యం లేదు. చివరికి పాత మెయిళ్లు తవ్వుకోవాల్సి వచ్చింది.

అప్పుడు రాసి ఉండాల్సింది ఇంతే:

```
D-09 (I-31 నుంచి)
నిర్ణయం: డూప్లికేట్లను కలిపి, తాజా రికార్డు ఉంచాలి
వద్దనుకున్నది: అన్నీ ఎక్కించి తర్వాత శుభ్రం చేయడం
కారణం: అన్నీ ఎక్కిస్తే ఒకే కస్టమర్‌కు రెండు బిల్లులు వెళ్తాయి
వదులుకున్నది: పాత చిరునామాల చరిత్ర
ఎవరు, ఎప్పుడు: బిల్లింగ్ హెడ్, తేదీ
```

ఇందులో చాలామంది వదిలేసేవి "వద్దనుకున్నది", "వదులుకున్నది". తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ ఆ రెండింటి మీదే ఉంటాయి. తర్వాత మనసు మారితే D-09ను దిద్దకండి. కొత్త నంబరుతో రాసి, D-09 పక్కన "దీని స్థానంలో D-15" అని పెట్టండి.

ఇక్కడితో చక్రం మళ్లీ మొదలవుతుంది. డూప్లికేట్లను కలిపేటప్పుడు ఒకే ఫోన్ నంబరు వాడే ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరైపోవచ్చు. అది ఇంకా జరగలేదు కాబట్టి కొత్త రిస్క్‌గా రిజిస్టర్‌లోకి వెళ్తుంది.

అందరూ తడబడేది ఇంకా తేలని నిర్ణయం దగ్గర. దాన్ని డెసిషన్ లాగ్‌లో పెట్టకండి, "పెండింగ్" వరుసలు పేరుకుపోతే ఏది ఖరారైందో ఎవరికీ తెలియదు. అది తేలక పని ఆగుతోంది కాబట్టి, తేలేదాకా అది ఇష్యూనే. "ఫలానా తేదీలోగా ఫలానావారు తేల్చాలి" అని ఇష్యూ లాగ్‌లోనే ఉంచండి.