అరకు టూర్ లెక్క తెగట్లేదా? ఆ 2,000 ఎక్కడ రాశారో చూడండి

ప్రశ్న: ఐదుగురు ఫ్రెండ్స్‌ హైదరాబాద్ నుంచి అరకు వెళ్ళొచ్చాం. రూములకు నేను రెండు నెలల ముందే 10,000 కట్టాను. ఒకడు నలుగురికి రానుపోను రైలు టికెట్లు 4,000 పెట్టి తీశాడు. ఇంకొకడు బండికి 7,500, మరొకడు తిండికి 3,500 ఇచ్చాడు. ఐదోవాడు తన డబ్బులతో బస్సులో వచ్చిపోయాడు, మధ్యలో బండివాడికి ఇవ్వమని, బండి డబ్బులు కట్టిన మావాడికి 2,000 ఫోన్‌పే చేశాడు. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తోంది. ఎలా తేల్చాలి?

జవాబు: తేడా ఆ 2,000 దగ్గరే వస్తూ ఉండాలి. అది ఖర్చు కాదు, ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి వెళ్ళిన డబ్బు. దాన్ని ఖర్చుల్లో కలిపితే మొత్తం 27,000 అవుతుంది. బయటివాళ్ళకు మీరు ఇచ్చింది 25,000 మాత్రమే. బిల్లులు కూడి చూస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది. ఆ 2,000 ఐదోవాడు పెట్టినట్టు రాసి, బండికి కట్టినతని పేరు మీద తగ్గించండి. అంటే అతను పెట్టింది 5,500.

ఇక 25,000ను ఐదుతో భాగించకండి. ఒక్కో ఖర్చునూ దాన్ని వాడుకున్నవాళ్ళకే పంచాలి. రూముకు తలా 2,000, బండికి 1,500, తిండికి 700. రైలు మాత్రం నలుగురికే, తలా 1,000. రైల్లో వెళ్ళిన ఒక్కొక్కరి వాటా 5,200, బస్సులో వచ్చినతనిది 4,200. అతని బస్సు చార్జీ అతనిదే. ఒకవేళ అతను ఒక రాత్రి ఆలస్యంగా వచ్చినా రూము వాటా తగ్గించమని నేను చెప్పను. అతని కోసం కూడా లెక్కేసుకునే కదా రూములు తీసుకున్నారు.

ఇప్పుడు పెట్టిన డబ్బులోంచి వాటా తీసేయండి. మీకు 4,800 రావాలి. బండికి కట్టినతనికి 300 రావాలి. టికెట్లు తీసినతను 1,200, తిండికి పెట్టినతను 1,700, బస్సులో వచ్చినతను 2,200 ఇవ్వాలి. రావాల్సినవి 5,100, ఇవ్వాల్సినవీ 5,100. ఈ రెండూ సరిపోకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు పడిందన్నమాట. అది దొరికేదాకా ఎవరూ ఎవరికీ పైసా పంపకండి. సగం పంపాక మళ్ళీ సరిచేయడం పెద్ద తలనొప్పి.

నాది ఇంత, నీది ఇంత అని ప్రతి ఖర్చుకూ విడివిడిగా పంపుకుంటే పదీ పదిహేను ట్రాన్స్‌ఫర్లు అవుతాయి. మీకు నాలుగు చాలు. టికెట్లతను మీకు 1,200, తిండికి పెట్టినతను 1,700, బస్సతను 1,900 పంపుతారు. బస్సతనే మిగతా 300 బండికి కట్టినతనికి ఇస్తాడు.

అన్నట్టు, రూముల డబ్బు కార్డు మీద కట్టి ఈఎంఐగా మార్చుకుని ఉంటే ఆ వడ్డీ మీరే భరించాలి. ముందే చెప్పి ఒప్పించుకుని ఉంటే తప్ప, రెండు నెలల తర్వాత దాన్ని లెక్కలోకి తెస్తే గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.