ఫైలులో లేనిదే చెప్పండి

ప్రశ్న: నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్-1 అధికారిని. వచ్చే నెల స్కేల్-2 పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది. ప్యానెల్లో ఒకరు గతంలో నా బ్రాంచి మేనేజరే. చదువు, పోస్టింగులు, మార్కులు అన్నీ వాళ్ల ముందే ఉంటాయి. ‘మీ గురించి చెప్పండి’ అంటే ఏమి చెప్పాలి?

జవాబు: మీ ఫైలులో ఫలితాలు ఉంటాయి. వాటికోసం మీరు ఏం గమనించారో, ఏం నిర్ణయించారో ఉండదు. మీరు చెప్పాల్సింది అదే.

ఇలాగే సిద్ధమవుతున్న ఒక అధికారిణి నా ముందు తన పరిచయం చదివారు. ఆమె బయోడేటా నా చేతిలోనే ఉంది. ఆమె చదివినవాటిలో బయోడేటాలో ముందే ఉన్న ప్రతి వాక్యానికీ పెన్సిలుతో టిక్కు పెడుతూ పోయాను. చివరికి టిక్కు పడని వాక్యం ఒక్కటీ మిగలలేదు. ‘ఎస్‌ఎంఏ-2 ఖాతాలు తగ్గించాను’ అన్నది కూడా అంకెలతో సహా అందులో ఉంది. ఎలా తగ్గించారని అడిగాక అసలు విషయం బయటికి వచ్చింది.

వాయిదా మీరి 61 నుంచి 90 రోజులైన ఖాతాలవి. 90 దాటితే మొండి బాకీలే. బ్రాంచిలో అందరూ నెలాఖరున ఫోన్లు చేసేవారు. పాడి రుణాలు తీసుకున్నవారికి పాల బిల్లు పదిహేను రోజులకోసారి జమ అవుతుందనీ, నెలాఖరుకు ఆ డబ్బు ఖర్చయిపోతోందనీ ఆమె ఖాతాల స్టేట్‌మెంట్లు చూసి పట్టుకున్నారు. బిల్లు పడిన రోజే వాయిదా కోత పడేలా రైతుల నుంచి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు రాయించుకున్నారు. పాలు నగదుకు అమ్ముకునేవారి విషయంలో ఇది పనిచేయలేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లాల్సి వచ్చింది.

ఆమె కొత్త పరిచయంలో పేరు, ప్రస్తుత బ్రాంచి ఒక్క వాక్యం. ప్యానెల్లో మిమ్మల్ని ఎరగనివారూ ఉండవచ్చు కాబట్టి అది తీసేయకండి. తర్వాత ఈ పాడి రుణాల సంగతి. చివర ఇలా ముగించారు: ‘అప్పుడు నా టేబుల్ మీది ఖాతాలు మాత్రమే చూశాను. బ్రాంచి బాధ్యత ఇస్తే రుణం మంజూరు చేసే రోజే ఆదాయం ఎప్పుడు వస్తుందో అడిగి, వాయిదా తేదీ దానికి తగ్గట్టు పెట్టిస్తాను.’ మొత్తం నిమిషంన్నర. పై హోదాలో ఆమె ఎలా ఆలోచిస్తారో ఆ ఒక్క మాటతో ప్యానెల్‌కు తెలుస్తుంది. ‘కష్టపడతాను, బృందంతో కలిసిపోతాను’ అంటే ఏమీ తెలియదు.

మీ పాత మేనేజరు విషయంలో ఒక జాగ్రత్త. ఆయన హయాంలో జరిగిన పనిని ఎంచుకుంటే ఎవరి ఆలోచనో ఆయనకు గుర్తుంటుంది. ఆలోచన ఆయనదైతే, ‘సార్ సూచించారు, అమలులో నేను ఈ మార్పు చేశాను’ అని సూటిగా చెప్పండి. అందరూ చేసినదానికి ‘నేను’ అన్నా, మీరొక్కరే చేసినదానికి ‘మేము’ అన్నా ఆయన వెంటనే పట్టేస్తారు. సందేహం ఉంటే ఆయన వెళ్లాక జరిగిన పనినే ఎంచుకోండి. అది ఆయనకూ కొత్తే.

పనిచేయని భాగాన్ని పరిచయంలో సగం వాక్యంతో ఆపండి. ‘నగదుకు అమ్మేవారితో ఇది కుదరలేదు’ అన్నారంటే తర్వాతి ప్రశ్న సాధారణంగా దానిమీదే వస్తుంది. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి.