ఆ 0.02ని పట్టుకుని వేలాడకండి

"60 రొయ్యల చెరువుల్లో ప్రోబయోటిక్ ట్రయల్ చేశాం. మొత్తం మీద తేడా లేదు. 10 రకాలుగా విడదీస్తే భీమవరం వైపు చెరువుల్లో మాత్రం పి వాల్యూ 0.02 వచ్చింది. రాసేయొచ్చా?"

వద్దండి. మందు అసలేమీ చేయకపోయినా ఒక్కో పరీక్షలో పి వాల్యూ మామూలుగా పెట్టుకునే హద్దు 0.05 కన్నా తక్కువ రావడానికి నూటికి 5 వంతుల అవకాశం ఉంటుంది కదా, అలాంటివి విడివిడిగా పది చేస్తే ఎక్కడో ఒకచోట తగిలే అవకాశం నూటికి 40 దాకా పోతుంది (1 − 0.95^10).

బాన్‌ఫెరోని పద్ధతిలో ఆ 0.05ని పరీక్షల సంఖ్యతో భాగించాలి: 0.05/10 = 0.005. మీ 0.02 అంత కిందికి రాలేదు. అన్నట్టు, ఏరియేటర్లు ఉన్నవీ లేనివీ అని చూసి ఏమీ రాలేదని వదిలేసినవి ఉంటే అవి కూడా ఈ లెక్కలో కలపాలి, రిపోర్టులో పెట్టినవి మాత్రమే కాదు.

ఇలా విడదీస్తూ పోతే ఎలా బోల్తా పడతామో చూడండి: 1988లో వచ్చిన ISIS-2 గుండెపోటు ట్రయల్‌లో ఆస్పిరిన్ బాగా పనిచేసింది, కానీ రాశుల వారీగా విడదీస్తే మిథున, తుల రాశుల వాళ్లకి పనిచేయనట్టు కనబడింది!

ఒక చిక్కుంది. ఒకే చెరువు నాలుగైదు గుంపుల్లోకి వస్తుంటే బాన్‌ఫెరోని మరీ కఠినమైపోయి నిజమైన తేడా కూడా జారిపోవచ్చు. అందుకని ముందు మందు ప్రభావం భీమవరం వైపు ఒకలా, మిగతాచోట్ల ఇంకోలా ఉందా అని ఇంటరాక్షన్ పరీక్ష చేయండి. అందులో ఏమైనా కనిపిస్తే, ఆ ఒక్క ప్రశ్న ముందే రాసిపెట్టుకుని వచ్చే పంటకి మళ్లీ ట్రయల్ వేయండి.