ల్యాబ్‌లో విసుగు: అల్లుడికి ఒక ఉత్తరం

ప్రొద్దుటూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఉద్యోగం మానేసి బెంగుళూరు పోతానంటున్నాడు, ఏదో డేటా కోర్సంట, నువ్వయినా చెప్పన్నా" అని. నువ్వు మానొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మానేవాడు ఎందుకు మానుతున్నాడో తెలుసుకుని మానాలి, అంతే. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది: "రెండేళ్లయింది మామా, కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. గంటగంటకూ శాంపిల్ తెచ్చేది, టెస్ట్ చేసేది, కంట్రోల్ రూంకు చెప్పేది." నేనూ నీలాగే సిమెంట్ ల్యాబుల్లో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి ఆ మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉండొచ్చని నాకు తెలుసు. ఒకటి విసుగు. పని నీకు సరిపోయేదే, కానీ నువ్వు దాన్ని దాటేశావు. రెండోది పొసగకపోవడం. పని ఎంత పెద్దదైనా నీ మనసు దానిలోకి దిగదు. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, మందులు మాత్రం వేరు.

దానికి ముందు ఇంకొకటి తీసి పక్కన పెట్టాలి: నిద్ర. సి షిఫ్ట్ వారంలో ఏ ఉద్యోగమైనా చేదే. తెల్లవారి నాలుగుకు కిల్న్ కొలిమిలో కాలిన క్లింకర్ గడ్డల గిన్నె పట్టుకుని నిలబడినప్పుడు వచ్చే ఆలోచనలను లెక్కలోకి తీసుకోవద్దు. వీక్లీ ఆఫ్‌లో బాగా నిద్రపోయి, ఆ తరువాత పొద్దున ఎ షిఫ్ట్‌కు పోయిన రెండో రోజో మూడో రోజో పని ఎట్లా అనిపిస్తుందో చూడు. అప్పుడూ చప్పగానే ఉంటే అసలు విషయానికి రావచ్చు.

నా సంగతి చెప్తా. నేను కూడా మూడో ఏడులో నీలాగే అయినా. అప్పట్లో ఎక్స్‌ఆర్‌డి యంత్రాలు మాకు లేవు, ఫ్రీ లైమ్ అంతా టైట్రేషన్‌తోనే. చెయ్యి తిరిగిపోయింది, బ్యూరెట్ వైపు చూడకుండానే ఆపేసేవాణ్ణి. ఒకరోజు మా హెడ్ పిలిచి, "తెల్లవారుజామున ఫ్రీ లైమ్ రెండు శాతం దాకా ఎందుకు పోతోంది? పగలు ఒకటింబావు దాటదే? కనుక్కో" అన్నాడు. నువ్వు కెమిస్ట్‌వి కాబట్టి తెలుసు, కిల్న్‌లో కాలి కూడా సిలికాతో కలవకుండా మిగిలిన సున్నమే ఫ్రీ లైమ్. అది ఎక్కువైతే సిమెంట్ గట్టిపడినాక ఉబ్బి పగుళ్లొస్తాయి. అందరూ కిల్న్ ఆపరేటర్‌నే తిట్టేవాళ్లు, రాత్రి నిద్రపోతున్నాడని.

నేను రెండు నెలల లాగ్‌బుక్కులు తీసుకుని గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టినా. కిల్న్ లెక్కలతో ఏమీ తెగలేదు. పది రోజులు తలబద్దలు కొట్టుకున్నాక రా మీల్ వైపు, అంటే కిల్న్‌లోకి పోయే రాతిపొడి వైపు చూసినా, దానిలో తొంభై మైక్రాన్ జల్లెడ మీద మిగిలే ముతక ఎంత శాతమో. పగలు అది పద్దెనిమిది దగ్గర ఉండేది, రాత్రి పదీ పదకొండు గంటల నుంచి ఇరవై మూడు. సైలోలో ఉండి కిల్న్‌కు చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది కదా, ఆ గ్రాఫ్‌ను ఆరు గంటలు పక్కకు జరిపితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. పొద్దున మీటింగ్‌కు టన్నులు చూపించాలని రాత్రి మిల్లుకు ఫీడ్ పెంచేస్తున్నారు. ముతక గింజలు పూర్తిగా కాలడం లేదు. కిల్న్ ఆపరేటర్ పాపం ఊరికే మాటలు పడ్డాడు.

ఆ పని పట్టిన మూడు వారాలు నేను షిఫ్ట్ అయిపోయినాక కూడా ల్యాబ్‌లోనే ఉన్నా. మీ అత్త సంగటి చల్లారిపోతోందని కబురు పంపేది. జీతం పెరగలేదు, హోదా పెరగలేదు, అదే ల్యాబ్, అదే బ్యూరెట్. విసుగు మాత్రం పోయింది. అంటే నాది విసుగే.

అదే ల్యాబ్‌లో నాతోపాటే చేరినతను ఒకడుండేవాడు, నాకంటే మంచి కెమిస్ట్. అతనికి బొగ్గు బూడిద గురించి ఇట్లాంటి పనే ఇచ్చారు. తప్పు లేకుండా చేశాడు, రిపోర్ట్ కూడా నాకంటే శుభ్రంగా రాశాడు. కానీ ఇచ్చిన రోజు ఎట్లా ఉన్నాడో అయిపోయిన రోజూ అట్లాగే ఉన్నాడు. "తరువాత ఏమిటి?" అని అడగలేదు. అదే మనిషి గేటు దగ్గర లారీవాళ్లతో, డీలర్లతో మాట్లాడుతుంటే చూడాలి, మొహం వెలిగిపోయేది. ఎవరి బస్తా తూకం తగ్గింది, ఏ ఊళ్లో ఏ గ్రేడ్ అడుగుతున్నారు, అన్నీ అతనికే తెలుసు. తరువాత మార్కెటింగ్‌లోకి మారాడు. అది విసుగు కాదు, ఆ పని అతనికి పొసగలేదు. కష్టమైన పని ఇచ్చాక కూడా పొడిగా ఉండటమే గుర్తు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. మొదట మూడు వారాలు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకో. షిఫ్ట్ దిగేముందు రెండు లైన్లు రాయి: ఈ రోజు దేని దగ్గర టైం తెలియలేదు, ఖాళీ దొరికిన అరగంటలో ఏం చేశావు. ఆ అరగంట చాలా చెప్తుంది. ఎవరూ అడగకుండా మనిషి దేని వైపు పోతాడో అదే కదా మనకు కావాల్సింది. ఫోన్ చూశానని రాయాల్సి వస్తే అదే రాయి, ఫోన్‌లో ఏం చూశావో కూడా రాయి. నాకు చూపించాల్సిన పని లేదులే.

ఆ తరువాత ల్యాబ్ లోపలే ఒక కష్టమైన పని నెత్తినేసుకోవాలి. ఊరికే ఎక్కువ పని కాదు, అది విసుగును రెట్టింపు చేస్తుంది. జవాబు నీకు ముందే తెలియని ప్రశ్న అయి ఉండాలి, ఆరు వారాల్లో ఫలితం కంటికి కనపడాలి. నాకు తట్టినది ఒకటి చెప్తా. మీ మూడు షిఫ్టుల కెమిస్టులూ ఒకే క్లింకర్‌కు ఒకే ఫ్రీ లైమ్ చెప్తారా? ఒక శాంపిల్ బాగా నూరి, కలిపి, మూడు సీసాల్లో పోసి, నంబర్లు మాత్రమే వేసి ముగ్గురికీ ఇవ్వు. వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు. మూత గట్టిగా పెట్టి తేమ తగలని డెసికేటర్‌లో ఉంచాలి సుమా, లేకపోతే గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలి ఆలస్యంగా చేసినవాడికి తక్కువ వస్తుంది, నువ్వు మనిషి తప్పనుకుంటావు. మొదటి వారం నేనైతే ఆ తప్పే చేసేవాణ్ణి. ముగ్గురి మధ్య సున్నా పాయింట్ నాలుగు తేడా వచ్చిందనుకో, కంట్రోల్ రూంవాళ్లు రోజూ కిల్న్ సెట్టింగులు మార్చేది కిల్న్ కోసం కాదు, మన కెమిస్టుల చేతుల్లోని తేడా కోసం. అది చూపిస్తే ఏ హెడ్డూ తీసిపారేయడు.

హెడ్‌ను ఎట్లా అడగాలంటే, "బోర్ కొడుతోంది సార్" అనే మాట నోట్లోంచి రాకూడదు. ఆ మాట వింటే ఆయనకు నీ ప్రశ్న వినపడదు, నువ్వు పోయేవాడివన్నది మాత్రమే వినపడుతుంది. పొద్దున మీటింగ్ అయిపోయి ఆయన టీ తాగే టైంలో పోయి, "మూడు షిఫ్టుల ఫ్రీ లైమ్ పోల్చి చూద్దామనుకుంటున్నా సార్, రీఏజెంట్ కొంచెం ఎక్కువ అవుతుంది, షిఫ్ట్ పనికి అడ్డం రాదు" అను. తోటి కెమిస్టులకు కూడా ముందే చెప్పు, ఎవరి తప్పు పట్టడానికీ కాదని. లేకపోతే నీ మీద గుసగుసలు మొదలవుతాయి.

ఆరు వారాలు గడిచాక నిన్ను నువ్వే చూసుకో. తేడా ఎందుకొచ్చిందని స్నానం చేస్తూ కూడా ఆలోచిస్తున్నావా, అడగకుండానే రెండో ప్రశ్న పుట్టిందా, అయితే నీది విసుగు. కోర్సు మాట కొన్నాళ్లు పక్కన పెట్టు. పని బాగానే చేశావు కానీ ఎప్పుడు అయిపోతుందా అని రోజులు లెక్కపెట్టావా, అది పొసగలేదని. ఇంకొకటి కూడా చూడు. మీ హెడ్‌కు చెడ్డరోజు వస్తుంది కదా, 28 రోజుల క్యూబ్ బలం 53 మెగాపాస్కల్స్ కంటే తగ్గి డీలర్ కంప్లయింట్ వచ్చిన రోజు. ఆ కుర్చీలో నేనుంటే అనిపించి చెయ్యి దురద పెడుతోందా, వీడి బతుకు నాకొద్దు అనిపిస్తోందా? ఆయన జీతం చూసి కాదు, ఆ రోజు చూసి చెప్పు.

మూడో సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ప్రశ్న నీకు నచ్చింది, పని నచ్చింది, కానీ హెడ్ రెండుసార్లు అడిగినా, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. అప్పుడు తప్పు కెమిస్ట్రీది కాదు, నీది కాదు, ఆ ల్యాబ్‌ది. మన చుట్టుపక్కల సున్నపురాయికి కొదవ లేదు, యర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. ఫ్యాక్టరీ మారు, వృత్తి మారక్కర్లేదు. నేను ఒకసారి అట్లానే మారినా.

ఇక ఆ డేటా కోర్సు. దాన్ని కూడా ఇదే జల్లెడలో పొయ్యి. ఆ పనిలో ఉన్న నీ స్నేహితుడు చెప్పేది జీతం, ఆఫీసు, శనాదివారాల గురించి. నువ్వు అతన్ని అడగాల్సింది మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఏం చేస్తాడని. తప్పులతో నిండిన ఫైళ్లు శుభ్రం చేయడంలో ఎన్ని గంటలు పోతాయో అడుగు. డబ్బు కట్టేముందు మీ ల్యాబ్‌లోనే ఆరు నెలల లాగ్‌షీట్లు ఎక్సెల్‌లోకి ఎక్కించి చూడు. మొదటి రోజు అందరికీ సరదాగానే ఉంటుంది, నాలుగో వారం కూడా సరదాగా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. నోట్‌బుక్‌లో టైం తెలియని గంటలన్నీ ఎక్సెల్ దగ్గరే తేలాయనుకో, బెంగుళూరు టికెట్‌కు నేనే డబ్బులిస్తా. అప్పటిదాకా రాజీనామా రాయొద్దు. రాసేరోజు కూడా ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి.

పెద్ద పండక్కు వస్తావు కదా. ఆ మూడు సీసాల లెక్కలు కూడా తీసుకురా. నా దగ్గర గ్రాఫ్ పేపర్ ఇంకా ఒక కట్ట ఉంది, ఓళిగలు తిన్నాక కూర్చుని చూద్దాం. ముగ్గురిలో తక్కువ చెప్పేది ఎవరో నాకు ఇప్పుడే ఒక అనుమానం ఉంది కానీ, చెప్పను.

ఇట్లు
మీ మామ